విడిగా ఉతకమన్న మాట ఆమెకు చేరలేదు

మాది మంగళగిరి. మామయ్యగారు ఇప్పటికీ గుంట మగ్గం మీద కూర్చుని నేస్తారు. అత్తయ్య కండెలు చుడతారు. ఫొటోలు, వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో పెట్టడం, ఆర్డర్లు చూసుకోవడం నా పని.

పోయిన సంక్రాంతికి ముందు ఒకమ్మాయి వంగపండు రంగు కాటన్ చీర కొనుక్కుంది. పది రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. తెల్ల చొక్కా మీద గులాబీ మరకలు. కింద ఒక్క వాక్యం: "అక్కా, రంగు దిగుతుందని ముందే చెప్పి ఉంటే బాగుండేది."

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. ఎందుకంటే మేం చెప్పాం. ఆ చీర వీడియోలోనే అత్తయ్య స్పష్టంగా చెప్పారు, మొదటి రెండు మూడు సార్లు చల్లటి నీళ్ళలో విడిగా ఉతకమని. ఆ వీడియో లింకు పంపి, "28వ సెకను దగ్గర చూడండి" అని రాశాను. జవాబు వెంటనే వచ్చింది. "చూశాను అక్కా. నాకు వినపడదు. పెదాలు చూసి కొంత అర్థం చేసుకుంటాను. అక్కడ చీర అంచు మాత్రమే కనిపిస్తోంది, ఆంటీ ముఖం లేదు."

ఆ వీడియోని సౌండ్ తీసేసి మళ్ళీ చూశాను. 48 సెకన్ల వీడియో. ధర ఎంతో అందులో మాటల్లోనే ఉంది. ఉతికే పద్ధతి మాటల్లోనే ఉంది. బ్లౌజు ముక్క ఉందా లేదా అన్నదీ మాటల్లోనే ఉంది. సౌండ్ లేకపోతే మిగిలేది చీరని అటూ ఇటూ తిప్పుతున్న రెండు చేతులు. ఆ అమ్మాయికి చొక్కా డబ్బులు పంపించాను. ఆ రాత్రే వీడియోలోని మాటలను తెర మీద అక్షరాలుగా చూపించే క్యాప్షన్ల పని మొదలుపెట్టాను.

ముందు సులువైన దారి చూశాను. వీడియో ఎడిట్ చేసే యాప్‌లో ఒక బటన్ నొక్కితే మాటలన్నీ అక్షరాలుగా వచ్చేస్తాయి. వచ్చాయి కూడా. మామూలు మాటలు చాలావరకు సరిగ్గానే పడ్డాయి. మా పనికి అసలైన మాటలే తప్పాయి. "పడుగు" అన్నది "పొడుగు" అయింది. "పేక" కాస్తా "పీక" అయింది. "విడిగా ఉతకండి" అన్నచోట "వేడిగా ఉతకండి" అని వచ్చింది. మిగతా తప్పులు చూసి ఎవరైనా సర్దుకుంటారు. ఈ చివరిది మాత్రం ప్రమాదం. చల్లటి నీళ్ళలో ఉతకాల్సిన చీరని వేడినీళ్ళలో వేయమని మేమే అక్షరాలతో చెప్పినట్టయ్యేది. వినపడేవాళ్ళకి ఆ తప్పు దొరుకుతుంది, వినపడనివాళ్ళకి అదొక్కటే ఆధారం. అప్పటినుంచి యాప్ ఇచ్చినదాన్ని చిత్తుప్రతిలాగే వాడుతున్నాను. మాట మాట వింటూ దిద్దాకే బయటికి వెళ్తుంది.

యూట్యూబ్‌కైతే క్యాప్షన్లను వేరే ఫైలుగా ఇవ్వవచ్చు. దాన్ని ఎస్ఆర్‌టీ ఫైలు అంటారు. మామూలు నోట్‌ప్యాడ్‌లోనే రాసుకోవచ్చు. వరుస సంఖ్య, ఎక్కడినుంచి ఎక్కడిదాకా కనిపించాలో ఆ సమయం, దాని కింద మాటలు, తర్వాత ఒక ఖాళీ వరుస. మా వీడియోలో ఆ 28వ సెకను భాగం ఇలా రాశాను:

```
8
00:00:25,000 --> 00:00:27,800
[మగ్గం చప్పుడు]

9
00:00:28,000 --> 00:00:31,500
అత్తయ్య: మొదటి రెండు మూడు సార్లు
చల్లటి నీళ్ళలో విడిగా ఉతకండి.

10
00:00:31,700 --> 00:00:34,500
వేరే బట్టలతో కలపకండి.
```

సెకన్ల తర్వాత ఉండేది చుక్క కాదు, కామా. మొదటిసారి నేను చుక్క పెట్టాను. దాన్ని మించిన దెబ్బ ఇంకోటి తగిలింది. మా ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది. అందులో ఫైలు సేవ్ చేసి యూట్యూబ్‌లో ఎక్కిస్తే తెలుగు ఉండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలు వచ్చాయి. సేవ్ చేసేటప్పుడు కింద Encoding అని ఒక గడి ఉంటుంది. అందులో ANSI అని ఉంది. దాన్ని UTF-8 కి మార్చకపోతే తెలుగు అక్షరాలు నిలబడవు. సేవ్ అయిపోయాక మార్చినా ప్రయోజనం లేదు, ఆ ఫైల్లో ఇక ప్రశ్నార్థకాలే ఉంటాయి. మొత్తం మళ్ళీ టైపు చేసుకున్నాను. యూట్యూబ్ స్టూడియోలో Subtitles లోకి వెళ్ళి తెలుగు ఎంచుకుని, Upload file లో With timing అని ఉన్నదాన్ని నొక్కితే సరిపోయింది.

ఫైలు తయారయ్యాక ఆ అమ్మాయికే పంపి, చూసి చెప్పమని అడిగాను. చూడాల్సిన అవసరం ఆమెకేమీ లేదు, అయినా ఓపిగ్గా చూసింది. రెండు సంగతులు చెప్పింది. మొదటిది, కొన్ని వరుసలు చదవకముందే మాయమవుతున్నాయి. రెండోది నేను అస్సలు ఊహించనిది. "నాకు ముందు వచ్చింది సైగల భాష అక్కా. తెలుగు బడిలో నేర్చుకున్నాను. పొడుగు వాక్యాలు ఉంటే రెండుసార్లు చదవాలి. అప్పటికి మీ వీడియో ముందుకెళ్ళిపోతుంది."

అప్పటిదాకా నేను క్యాప్షన్లు రాస్తే చాలు, వినపడనివాళ్ళందరికీ అందినట్టే అనుకున్నాను. పుట్టుకతోనే వినపడనివాళ్ళలో చాలామందికి తెలుగు రెండో భాష. వయసు మీదపడి వినికిడి తగ్గినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి తెలుగు మనలాగే వచ్చు. ఇద్దరికీ పనికొచ్చేలా ఎలా రాయాలి? మాటలను కుదించి రాస్తే అత్తయ్య చెప్పిందొకటి, అక్షరాల్లో ఉన్నది ఇంకొకటి అవుతుంది. కొంచెం వినపడేవాళ్ళు రెండూ పోల్చుకుంటూ తికమకపడతారు. అది నాకు నచ్చలేదు. అందుకని క్యాప్షన్లను కాదు, మాట్లాడే పద్ధతినే మార్చాం. ఇప్పుడు అత్తయ్య ఒక్కో విషయాన్ని ఒక్కో చిన్న వాక్యంగా చెబుతారు, చెప్పి ఒక క్షణం ఆగుతారు. ఉతికే పద్ధతి చెప్పేటప్పుడు కెమెరా చీర మీద నుంచి ఆవిడ ముఖం మీదికి వస్తుంది. "కెమెరా చూస్తే టెన్షన్" అని మొదట్లో తలపక్కకి తిప్పేసేవారు. పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్ళు ఉంటారని చెప్పాక ఇప్పుడు ఆవిడే "ముఖం కనపడుతోందా?" అని అడుగుతున్నారు.

సమయం విషయంలో నేను పెట్టుకున్న లెక్క ఇది. ఒకసారి తెర మీద రెండు వరుసలకు మించి ఉండవు, వరుసకి నాలుగైదు మాటలు. ఎంత చిన్న మాటైనా ఒక సెకను కంటే తక్కువ ఉండదు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి సౌండ్ తీసేసి, పెదవులు కదిపి నిదానంగా చదువుతాను. రెండో వరుస చివరికి వచ్చేలోపు మాయమైతే ఇంకో అర సెకను పెంచుతాను. చప్పుళ్ళన్నీ రాయక్కర్లేదు. వెనకాల కుక్క అరిస్తే రాయను. మగ్గం చప్పుడు రాస్తాను, ఎందుకంటే ఆ చప్పుడు వినిపించాలనే అక్కడ మాటలు ఆపాం. మాట్లాడే మనిషి తెర మీద లేకపోతే ఎవరి మాటో పేరు పెడతాను.

రీల్స్‌కి నేను క్యాప్షన్లను వీడియో మీదే అచ్చువేస్తున్నాను. అక్కడ ఇంకో తప్పు చేశాను. సినిమాల్లోలాగా అట్టడుగున పెట్టాను. పోస్ట్ చేశాక చూస్తే మా పేజీ పేరు, దాని కింద వివరణ వచ్చి సరిగ్గా ఆ అక్షరాల మీదే కూర్చున్నాయి. కుడివైపు లైకు, కామెంటు గుర్తులు చివరి అక్షరాలను మింగేశాయి. ఇప్పుడు అడుగునుంచి దాదాపు నాలుగోవంతు పైకి జరిపి, కుడిపక్కన చోటు వదిలి పెడుతున్నాను. ఇలా అచ్చువేసిన అక్షరాలకు ఒక లోటుంది. చూసేవాళ్ళు వాటిని పెద్దవి చేసుకోలేరు, రంగు మార్చుకోలేరు. యూట్యూబ్‌లో ఫైలుగా ఇస్తే ఆ రెండూ వాళ్ళ చేతిలో ఉంటాయి. అందుకే ఉతికే పద్ధతి, కొలతలు ఉన్న వీడియోలను రెండు చోట్లా పెడుతున్నాను.

ఇదంతా ఒక దారికి వచ్చిందనుకుంటుండగా ఒక టీచర్ గారు ఫోన్ చేశారు. పక్క జిల్లా ఆవిడ. ఇరవై ఏళ్ళ వయసులో చూపు పోయిందట. "మీ పేజీ గురించి మా స్కూల్లో అందరూ చెబుతున్నారమ్మా. నేను తెరిస్తే 'ఫొటో' అంటుంది, ఇంకో 'ఫొటో' అంటుంది. ఆ ఫొటోలో ఏముందో మీరే చెప్పాలి" అన్నారు. ఫోన్‌లో పావుగంట మాట్లాడాం. చీర గురించి ఆవిడ అడిగిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితమే తర్వాత నాకు దారి చూపింది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అని ఉంటుంది, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. ఐఫోన్‌లో దాన్ని వాయిస్‌ఓవర్ అంటారు. Settings లో Accessibility లోకి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చేశాను. ఆన్ చేసే ముందు ఆఫ్ చేయడం తెలుసుకుని ఉండాలి. ఎందుకంటే ఆ తర్వాత ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. షార్ట్‌కట్ ముందే ఆన్ చేసి పెట్టుకుంటే, రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. నాకది తెలియక మొదటిరోజు ఒక ఆర్డర్ ఫోన్ ఎత్తలేకపోయాను.

కళ్ళు మూసుకుని మా పేజీ విన్నాను. ఒక పోస్టు వివరణలో వరుసగా పన్నెండు పువ్వుల బొమ్మలు పెట్టాను, అందంగా ఉంటుందని. అది ఆ పువ్వు పేరు చదువుతూనే ఉంది. ఇంగ్లీషులో New Arrivals అని వంకర టింకర స్టైల్ అక్షరాల్లో పెట్టినచోట ఏమీ అర్థం కాలేదు. అవి నిజానికి అక్షరాల్లా కనిపించే వేరే గుర్తులు. ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగుని ఎవరో తెలుగు రానివాళ్ళు చదువుతున్నట్టు చదివింది. ఇక ధర, పొడవు, బ్లౌజు వివరాలు అస్సలు రాలేదు. అవన్నీ ధరల కార్డు బొమ్మలో ఉన్నాయి, బొమ్మలోని అక్షరాలను అది "ఫొటో" అని దాటేసింది.

ఆ కార్డును మా వీధి చివర డీటీపీ షాపులో చేయించేవాళ్ళం. అందులోని తెలుగుని కాపీ చేసి వివరణలో పెడదామంటే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. అచ్చు పనికి వాడే పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. పైకి తెలుగులా కనిపిస్తాయి, లోపల ఉన్నది వేరే అక్షరం. కాబట్టి నేనే కూర్చుని అంతా యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాను. ఇప్పుడు కార్డులో ఉన్న ప్రతి మాటా కింద వివరణలోనూ ఉంటుంది. వాట్సాప్‌లో పంపే ఫొటోలకూ ఇదే చేస్తున్నాను, ఫొటో కింద మాటల్లో అంతా రాసేస్తాను. పొడవు రాసేటప్పుడు "5.5 మీ." అని పెట్టేదాన్ని. దాన్ని అది "మీ ఇల్లు"లో "మీ"లా చదివింది. అందుకని "5.5 మీటర్లు" అని పూర్తిగా రాస్తున్నాను.

ఫొటోకి వేరుగా రాసే వర్ణననే ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్ చేసే ముందు కింద ఉండే అదనపు సెట్టింగుల్లో Write alt text అని ఉంటుంది. మామూలుగా చూసేవాళ్ళకు అది కనిపించదు, టాక్‌బ్యాక్ మాత్రం చదువుతుంది. ఒకే పోస్టులో ఐదు ఫొటోలుంటే ఐదింటికీ విడివిడిగా రాయాలి. పాత పోస్టులకు కూడా Edit లోకి వెళ్ళి పెట్టుకోవచ్చు.

నేను రాసిన మొదటి ఆల్ట్ టెక్స్ట్ ఇది: "అందమైన మంగళగిరి చీర ఫొటో." టీచర్ గారికి వినిపించాను. "ఫొటో అని అదే చెబుతుందమ్మా, మళ్ళీ మీరెందుకు? అందంగా ఉందో లేదో నేను చెబుతాను, ఎలా ఉందో మీరు చెప్పండి" అన్నారు. సరేనని రెండోది రాశాను. చీర, దాన్ని వేలాడదీసిన వెదురు కర్ర, వెనకాల గోడ, పక్కన తులసి కోట, పడుతున్న ఎండ, అన్నీ చెప్పాను. చీర రంగు వచ్చేది ఏడో వాక్యంలో. ఆవిడ మధ్యలోనే ఆపేశారు. వినేవాళ్ళు మనలాగా కంటితో అటూ ఇటూ వెతుక్కోలేరు, మొదటి మాట నుంచి వరుసగా వినాలి. అవసరమైంది ముందు రావాలి.

అప్పుడు ఆ కాగితం తీశాను. ఆవిడ ఫోన్‌లో అడిగిన ప్రశ్నల వరుస ఇలా ఉంది: ఒంటి రంగు ఏమిటి, అంచు ఎంత వెడల్పు, జరీ ఉందా, కొంగులో ఏముంది, బ్లౌజు ఏ రంగు. ఆ వరుసలోనే మూడోది రాశాను:

"వంగపండు రంగు కాటన్ చీర, ఒంటి మీద డిజైన్ లేదు. రెండు వైపులా బెత్తెడు వెడల్పు బంగారు జరీ అంచు. కొంగులో అడ్డంగా జరీ చారలు. బ్లౌజు ముక్క చీర రంగే."

"ఇప్పుడు కనిపించింది" అన్నారావిడ.

చూపులేనివాళ్ళకు రంగు చెప్పి ఏం లాభమని మా బంధువొకరు అడిగారు. టీచర్ గారికి ఇరవై ఏళ్ళదాకా చూసిన రంగులన్నీ గుర్తున్నాయి. పుట్టుకతో చూపులేనివాళ్ళు కూడా ఏ చీర మీదికి ఏ బ్లౌజు వేసుకోవాలో, పెళ్ళికి ఏది కట్టాలో తెలుసుకోవాలి కదా. రంగుల విషయంలో మన తెలుగు పేర్లు ఎంత అక్కరకొచ్చాయో చెప్పలేను. "పర్పుల్" అంటే ఎవరికి తోచిన రంగు వాళ్ళు అనుకుంటారు, "వంగపండు" అంటే వంకాయని ఎరిగిన ప్రతివాళ్ళకూ తెలుసు. చిలకపచ్చ, నెమలికంఠం, మెంతి రంగు, ఇటుక రంగు, ఇవన్నీ అత్తయ్య నోట రోజూ వచ్చే మాటలే. అందుకే ఇప్పుడు రంగు పేరు నేను రాయను, ఆవిడని అడిగి రాస్తాను.

చివరికి మిగిలింది ధరల కార్డు. తెల్లటి కార్డు మీద బంగారు రంగు అక్షరాలు. జరీకి తగ్గట్టు ఉందని మేమే అలా చేయించాం. మా అమ్మకి శుక్లాలు. ఒకరోజు ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ కార్డు చూసి, "ఇందులో ఏమీ రాయలేదేంటే?" అంది. పక్కన ఉన్న నాకు మాత్రం స్పష్టంగా కనబడుతోంది.

అక్షరం రంగుకీ వెనకాల రంగుకీ వెలుగులో ఎంత తేడా ఉందో లెక్కగట్టే పద్ధతి ఉంది. వెబ్ఎయిమ్ వాళ్ళ సైటులో రెండు రంగుల కోడ్‌లు ఇస్తే అంకె చెబుతుంది. అస్సలు తేడా లేకపోతే 1, తెలుపు మీద నలుపైతే 21. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలన్నది అంతటా పాటించే ప్రమాణం, బాగా పెద్ద అక్షరాలకు 3 చాలు. తెలుపు మీద మా బంగారు రంగు, కోడ్ `#FFD700`, 1.4 వచ్చింది. అమ్మకి ఏమీ కనిపించకపోవడంలో వింత లేదు. అదే బంగారు రంగుని ముదురు మెరూన్ `#800000` మీద పెడితే 7.8 వచ్చింది. జరీ రంగు వదులుకోవాల్సిన పని లేకపోయింది, కార్డు రంగు మారిస్తే చాలింది. ఉగాదికి చేయించిన కార్డులో పచ్చటి మామిడాకు రంగు మీద ఎర్ర అక్షరాలతో తగ్గింపు ధర వేశాం. ఎంత కొట్టొచ్చినట్టు ఉందో అనుకున్నాం. దానికి 1.3 కూడా సరిగ్గా రాలేదు. రంగులు వేరైనా వెలుగు దాదాపు ఒకటే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళకి ఆ ధర ఆకులోనే కలిసిపోతుంది. కార్డుని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తే ఇది ఒక్క చూపులో తెలిసిపోతుంది, లెక్క కూడా అక్కర్లేదు.

కానీ ఆ అంకె ఒక్కటే సరిపోదు. మెరూన్ కార్డు చూశాక కూడా అమ్మ "1,850" చదివింది గానీ "అంచు వెడల్పు" దగ్గర తడబడింది. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి. సన్నటి ఫాంటులో, వరుసలు దగ్గరగా ఉంటే పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఒకదానికొకటి తగులుకుంటాయి. మందమైన ఫాంటు తీసుకుని, వరుసల మధ్య ఇంకో సగం వరుసంత ఖాళీ వదిలి, మాటలు తగ్గించాను. ఇప్పుడు కార్డులో ధర, పొడవు, బ్లౌజు, అంతే. మిగతాదంతా కింద వివరణలోకి వెళ్ళింది. వీడియో క్యాప్షన్లకూ ఇక్కడే బుద్ధి వచ్చింది. చీర తిరుగుతుంటే వెనకాల రంగు మారుతూ ఉంటుంది, తెల్ల అక్షరం వంగపండు మీద బాగా కనిపించి జరీ మీదికి రాగానే కరిగిపోతుంది. అందుకని అక్షరాల వెనక నల్లటి పట్టీ వేస్తున్నాను. చీర కొంచెం కప్పుకుపోతుంది. పట్టీ లేని వీడియో ఒకటి చివర్లో మూడు సెకన్లు మాటల్లేకుండా చూపిస్తున్నాం, దాంతో ఆ ఇబ్బంది తీరింది.

ఒక పోస్టుకి ఇదంతా కలిపి నాకు ఇప్పుడు అరగంట అదనంగా పడుతోంది. క్యాప్షన్లు దిద్దడానికే అందులో ఎక్కువ పోతుంది. ఆల్ట్ టెక్స్ట్‌కి రెండు నిమిషాలు చాలు. మూడు వందలకు పైగా ఉన్న పాత పోస్టుల్లో ఇంకా అమ్మకానికి ఉన్న చీరలవి ముందు సరిచేశాను, మిగతావి రోజుకి ఐదు చొప్పున చేస్తున్నాను. లైవ్ పెట్టినప్పుడు మాత్రం క్యాప్షన్లు ఇవ్వలేకపోతున్నాం. చీర నంబరు, ధర అట్ట ముక్క మీద పెద్దగా రాసి పట్టుకుంటున్నాం. అది పూర్తి పరిష్కారం కాదని నాకు తెలుసు.

పోయిన వారం టీచర్ గారు నెమలికంఠం రంగు చీర ఆర్డర్ చేశారు. ఈసారి ఫోన్ చేయలేదు, పేజీలో విని, మెసేజ్ పెట్టి, డబ్బులు పంపేశారు. చీర అందాక మాత్రం ఫోన్ వచ్చింది. "చీర బాగుందమ్మా. కొంగు చివర కుచ్చులు ఉన్నాయే, చేత్తో తడిమితే తెలిసింది. అది రాయలేదు మీరు."

ఫోన్ పెట్టేసి ఆ పోస్టు తెరిచాను. Edit లోకి వెళ్ళి "కొంగు చివర చేతితో ముడివేసిన కుచ్చులు" అని చేర్చాను.